పొన్నేరి పక్క ఊరు: ఒక పాత రింగ్‌టోన్ పేరు వెతికిన కథ

(చెన్నైలో తెలుగువాళ్ల నెలవారీ కూడికలో ఒక మొబైల్ రిపేరు మెకానిక్ మాట్లాడిన దానికి అక్షర రూపం.)

అందరికీ నమస్కారం. నాకు మైకు ముందు మాట్లాడటం అలవాటు లేదు. రిచీ స్ట్రీట్‌లో ఇరవై ఏళ్లుగా టేబుల్ ముందు తల వంచుకుని కూర్చునే పని నాది. చేతిలో సోల్డరింగ్ ఐరన్ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. (నవ్వులు) అందుకని ఉపన్యాసం ఇవ్వను. ఒక కేసు చెప్తాను.

పోయిన ఏడాది ఆడి మాసం తగ్గింపుల రోజుల్లో ఒకాయన షాపుకి వచ్చాడు. మనవాడే, నెల్లూరు వైపు. పుట్టి పెరిగింది మాత్రం పెరంబూరులో. రిపేరుకి ఫోన్ ఏదీ తేలేదు. "అన్నా, ఒక ట్యూన్ పేరు కావాలి" అన్నాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఫోన్లో పొద్దున్నే ఐదుంపావుకి మోగే అలారం అట. నాన్న పోయి నాలుగేళ్లయింది. ఆ ఫోన్ ఎప్పుడో పాత సామానులో పోయింది. ఏదీ, పాడు అన్నాను. పాడాడు. నాలుగు స్వరాలు, పై నుంచి కిందికి మెట్లు దిగినట్టు. సా, పా, గా, సా. అంతే, ఇంకేం గుర్తు లేదు.

రెండు నెలలుగా వెతుకుతున్నాడట. ఇంటర్నెట్‌లో పాత ఫోన్ల అలారం శబ్దాలు రికార్డు చేసి పెట్టిన వీడియోలు వందల్లో ఉంటాయి కదా, అవన్నీ విన్నాడు. పాట గుర్తుపట్టే యాప్‌కి వినిపిస్తే రోజుకో సినిమా పాట చూపించిందట. "ఇప్పుడు అసలు ట్యూన్ కూడా కలగాపులగం అయిపోయింది, ఏది విన్నా ఇదేనేమో అనిపిస్తోంది" అన్నాడు. అదే అసలు చిక్కు. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు నేను అడిగింది ఒకటే. "అలారం మోగితే ఎవరు ఆపేవాళ్లు?" నాన్నే అన్నాడు. ఆపి ఏం చేసేవారు? కాసేపు ఆలోచించి, "ఆఁ, చెప్పు, అనేవారు" అన్నాడు. అని, తనే ఆగిపోయాడు. అలారంతో ఎవరైనా "ఆఁ, చెప్పు" అంటారా? (నవ్వులు) విషయం ఏంటంటే వాళ్ల బాబాయికి కోయంబేడులో అరిటాకుల వ్యాపారం. లారీ దిగగానే ఫోన్ చేసేవాడు. రోజూ దాదాపు ఒకే టైముకి మోగేసరికి, ఆరేడేళ్ల పిల్లాడికి అది అలారం. రెండు నెలలు ఈయన వెతికింది తప్పు పెట్టెలో.

ఇలాంటివి నేను చాలా చూశాను. మనకి ట్యూన్ గుర్తుంటుంది గానీ, అది ఎందుకు మోగిందో మనసు తర్వాత కల్పించుకుంటుంది. అందుకే మోగిన వెంటనే ఇంట్లో ఏం జరిగేదని అడుగుతాను. ఎవరు లేచేవారు, ఏ మాట అనేవారు, ఎంతసేపు మోగేది. "ఎంతసేపు" అనేదానికి ఈయన చెప్పిన జవాబు కూడా పనికొచ్చింది. పిల్లలు లేస్తారని నాన్న గబుక్కున ఎత్తేసేవారట. అంటే ఈయన ఆ ట్యూన్‌ని పూర్తిగా ఎప్పుడూ వినలేదు. విన్నది మొదటి రెండు, మూడు సెకన్లే, కానీ ఏళ్ల తరబడి.

రెండో ప్రశ్న ఫోన్ గురించి. మోడల్ అడగను. ఎవరికీ గుర్తుండదు, గుర్తుంది అన్నవాళ్లు ఎక్కువగా తప్పే చెప్తారు. "ఒకేసారి రెండు స్వరాలు కలిసి మోగేవా, ఒక్కొక్కటిగానా?" అని అడుగుతాను. దీనితో ఫోన్ ఏ కాలంలోదో తేలిపోతుంది. మొదట్లో వచ్చిన ఫోన్లలో ఉండేది చిన్న బజ్జర్. ఒకసారికి ఒకే స్వరం, పిల్లల పీక లాగా కీచుమనేది. దాన్ని మోనోఫోనిక్ అనేవాళ్లు. నోకియాలో 2002 నుంచి పాలీఫోనిక్ వచ్చింది. లోపల పాట రికార్డింగ్ ఉండదు, ఏ వాయిద్యం ఏ స్వరం ఎప్పుడు వాయించాలో రాసి ఉన్న మిడి ఫైలు ఉంటుంది. వాయించేది ఫోన్లోని చిప్. అందుకే అదే ఫైలు ఇంకో కంపెనీ ఫోన్లో వేస్తే వేరే ట్యూన్‌లా ఉంటుంది. సరైన ఫైలే దొరికినా కంప్యూటర్లో విని "ఇది కాదు" అని వదిలేసినవాళ్లు నాకు తెలుసు. ఆ తర్వాతవి ఎంపీ3లు, అసలు రికార్డింగులు.

ఈ తేడా తెలిస్తే యాప్ ఎందుకు పనిచేయలేదో అర్థమవుతుంది. షాజామ్ లాంటిది పాటని పాటగా వినదు. శబ్దంలో ఏ క్షణానికి ఏ స్థాయి దగ్గర గట్టి శిఖరం ఉందో చుక్కలు పెట్టుకుంటుంది, ఆకాశంలో నక్షత్రాల పటం లాగా. ఆ చుక్కల జంటల్ని తన దగ్గరున్న రికార్డింగుల చుక్కలతో పోలుస్తుంది. అందుకే మౌంట్ రోడ్ హారన్ల మధ్యలో కూడా పట్టేస్తుంది. కానీ అది పట్టేది ఆ రికార్డింగునే. అదే పాటని ఇంకొకరు పాడితే ఆ చుక్కలు వేరే చోట పడతాయి. ఫోన్ బజ్జర్ కీచుకి ఏ రికార్డింగుతో పోలిక? మనం నోటితో పాడినదానికి ఇంకేం పోలిక? కూనిరాగం విని వెతికే పద్ధతి వేరు. గూగుల్‌లో 2020 అక్టోబరు నుంచి ఉంది. కానీ దానికి పది, పదిహేను సెకన్లు పాడాలి. ఈయన దగ్గర ఉన్నది రెండు సెకన్ల సరుకు, అది కూడా చిరిగిపోయింది.

(సభలోంచి ఒక ప్రశ్న: "మా అబ్బాయి పాత ఆండ్రాయిడ్ ఫోన్ అలారం కూడా ఇలాగే వెతకాలా?")

అక్కర్లేదమ్మా. ఆండ్రాయిడ్ అయితే ఫోన్ ఆన్ అయితే చాలు. కంపెనీ ఇచ్చిన అలారం ఫైళ్లు చాలా ఫోన్లలో `/system/media/audio/alarms` అనే ఫోల్డర్లో ఉంటాయి. కొత్తవాటిలో `/product/media/audio` కింద చూడండి. ఫైలు పేరే ట్యూన్ పేరు. గూగుల్ వాళ్ల అలారాలకి మూలకాల పేర్లు పెట్టారు, నియాన్, ఆర్గాన్, ఆక్సిజన్ అని. చిన్నప్పటి కెమిస్ట్రీ పనికొచ్చే చోటు ఇదొక్కటే. (నవ్వులు)

సరే, మన నెల్లూరాయన. ఒక్కొక్క స్వరమే మోగేదన్నాడు. ఆకుపచ్చ లైటు, పాము ఆట, నీలం డొప్ప. అంటే నోకియాలో మోనోఫోనిక్ కాలం. మన శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ 2006లో మొదలై 2014 నవంబరులో ఆగింది, ఇది దానికంటే ముందు ఫోన్. 3310 అయి ఉండొచ్చు, దాని చుట్టాలైనా కావచ్చు.

అలాంటప్పుడు ఒక 3310 తెచ్చి అన్ని టోన్లూ వరసగా వినిపిస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. మొదట్లో నేనూ అదే చేసేవాణ్ని. మనిషిని కూర్చోబెట్టి ముప్పై టోన్లు వరసగా వినిపిస్తే, పదోది వచ్చేసరికి తల ఊపడం మొదలెడతాడు. పదిహేనోదానికి "ఇదే, ఇదే" అంటాడు. మర్నాడు ఫోన్ చేసి "కాదన్నా" అంటాడు. గుర్తున్నది పల్చటి పొర. దాని మీద కొత్తగా విన్నవన్నీ అచ్చు పడిపోతాయి. ఈయనకి రెండు నెలల వీడియోలతో జరిగింది అదే. అందుకే నా షాపులో ఒక రూల్ ఉంది. ముందు తలలో ఉన్నది కాగితం మీదికి రావాలి, ఆ తర్వాతే ఏదైనా వినడం. వారం రోజులు ఏ వీడియో వినకుండా ఉండి రమ్మని పంపేశాను.

తిరిగి వచ్చాక మా వదిన దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ వెస్ట్ మాంబళంలో సంగీతం చెప్తుంది. నాకు సర్క్యూట్లు తెలుసు గానీ స్వరాలు తెలియవు. ఈయన మళ్లీ అదే పాడాడు. సా, పా, గా, సా. వదిన వెంటనే, "నాయనా, నువ్వు పాడొద్దు, బల్ల మీద వేలితో కొట్టు" అంది. ఆ మాట నాకు తట్టలేదు. వేలితో కొట్టమంటే ఏం కొట్టాడో తెలుసా? నాలుగు దెబ్బలు కాదు. తాం తక తాం తక తాం తక తాం. పది దెబ్బలు! నోటికి నాలుగే వస్తున్నాయి, వేలికి పదీ గుర్తున్నాయి. పొడుగు స్వరాలు నాలుగూ నోరు పట్టుకుంది. మధ్యలో చకచకా వచ్చే పొట్టి జంటల్ని మింగేసింది.

ఆ తర్వాత వదిన జంటల్ని ఒక్కొక్కటిగా పట్టింది. మొదటి తాం తర్వాత "తక"లో తొలి దెబ్బ పైకి వెళ్తోందా, కిందికా? పైకి అన్నాడు. రెండోది? కిందికి. అలా అడుగుతూ, రెండు మూడు రకాలుగా పాడి వినిపిస్తూ, అరగంటలో కాగితం మీద ఇది వచ్చింది: సా గస, పా సప, గా పగ, సా. మొదటి సా పై స్థాయిది, చివరిది కిందిది. గాంధారం సాధారణ గాంధారం అని వదిన తేల్చింది. అంతర గాంధారం పెట్టి పాడితే ఈయన మొహం ముడిచాడు, "ఇది నవ్వుతున్నట్టుంది, అది అలా ఉండేది కాదు" అన్నాడు.

ఇది అయ్యాక ఒక తమాషా జరిగింది. ఆ పది స్వరాలు సరిగ్గా కుదరగానే ఈయనకి తర్వాతి ముక్క కూడా తోకలా వచ్చింది. మధ్యలో గందరగోళమే గానీ, చివర్లో ని రి మ రి గా సా అని ఒక తునక స్పష్టంగా ఉంది. కాకలి నిషాదం. వదిన సంతోషం చూడాలి! ఇంక ట్యూన్ పక్కన పెట్టేసి, ఇది కీరవాణా గౌరీమనోహరా అని తనలో తనే వాదించుకుంటుంది. ధైవతం ఒక్కసారైనా పలికితే తేలిపోతుందట, ఈ ట్యూన్‌లో అది రానేలేదు. మేం కాఫీ తాగుతూ కూర్చున్నాం. (నవ్వులు)

ఇప్పుడు వెతకడం. స్వరాల పేర్లతో వెతకడం కష్టం. ఈయన ఏ శ్రుతిలో పాడాడో, ఫోన్ ఏ శ్రుతిలో మోగిందో ఎవరికి తెలుసు? దీనికి ఒక మొరటు ఉపాయం ఉంది. డెనిస్ పార్సన్స్ అనే ఆయన 1975లో పాశ్చాత్య ట్యూన్లకి ఒక డైరెక్టరీ వేశాడు. అందులో శ్రుతీ లేదు, తాళమూ లేదు. ప్రతి స్వరం దాని ముందుదాని కంటే పైకి వెళ్లిందా, కిందికి వెళ్లిందా, అక్కడే ఉందా, అంతే. పైకి అయితే `U`, కిందికి అయితే `D`, అక్కడే ఉంటే `R`. మొదటి స్వరానికి ఒక చుక్క గుర్తు. సంగీతం రానివాడు కూడా రాసుకోగలడు. ఈ కోడ్‌తో వెతకడానికి మ్యూజిపీడియా అనే సైటు ఉంది.

మన ట్యూన్‌ని రాద్దాం. సా నుంచి గ, పైకి. గ నుంచి స, కిందికి. స నుంచి పా, కిందికి. మళ్లీ పా నుంచి స పైకి, స నుంచి ప కిందికి, ప నుంచి గా కిందికి. మళ్లీ పైకి, కిందికి, కిందికి. రాస్తే ఇలా ఉంటుంది:

```
*UDDUDDUDD
```

చూడండి, ఒకే అచ్చు మూడుసార్లు. ఇప్పుడు ఈయన మొదట షాపులో పాడిన నాలుగు స్వరాలు రాయండి. `*DDD`, అంతే. మూడు కదలికలతో కుదిరే కోడ్లు మొత్తం 27. ప్రపంచంలో ఉన్న ట్యూన్లన్నీ ఆ 27 గదుల్లో ఇరుక్కుని కూర్చుంటే మనది ఎక్కడ దొరుకుతుంది? తొమ్మిది కదలికలైతే గదులు 19,683. ఒక్కో స్వరం అదనంగా గుర్తొస్తే గదులు మూడింతలవుతాయి. వదిన అరగంట కష్టం విలువ అది. అయితే ఒక్క స్వరం తప్పు గుర్తున్నా, మధ్యలో ఒకటి మింగేసినా, రెండు అక్షరాలు పాడైపోయి వేరే గదిలోకి వెళ్లిపోతాం. అందుకే వేలితో దెబ్బలు లెక్కపెట్టుకోవడం ముందు, స్వరాలు తర్వాత.

కోడ్ కొట్టాం. నాలుగైదు వచ్చాయి. ఒక్కొక్కటి వదిన ముందు చూసింది, ఈయనకి వినిపించకుండా. సాధారణ గాంధారం లేనివి పోయాయి. తాం తక నడక లేనివి పోయాయి. మిగిలింది ఒకటి. యొహాన్ సెబాస్టియన్ బాఖ్ రాసిన రెండో ఆర్కెస్ట్రా సూట్, బాఖ్ రచనల పట్టికలో 1067వ నంబరు. అందులో చిట్టచివరి ముక్క, ఫ్లూట్ వాయిద్యానికి రాసింది, రెండు నిమిషాలు కూడా ఉండదు. పేరు బాదినరీ. ఫ్రెంచిలో ఆటపట్టించడం, పరాచికం అని అర్థం. దాదాపు మూడొందల ఏళ్ల నాటి పరాచికం పెరంబూరులో అరిటాకుల లోడు వచ్చిందని చెప్పిందన్నమాట.

అయినా నేను నమ్మను. రచన పేరు దొరికితే ఫోన్లో ఉన్నది అదేనని కాదు. పైగా ఫోన్ మెనూలో పేరు ఇంకోలా ఉండొచ్చు. నోకియా ట్యూనే తీసుకోండి. స్పెయిన్ గిటార్ విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా 1902లో రాసిన వాల్ట్జ్‌లోది ఆ ముక్క. కొన్ని పాత ఫోన్లలో దాని పేరు గ్రాండ్ వాల్స్ అని ఉండేది, తర్వాత అదే నోకియా ట్యూన్ అయింది. వాళ్ల నాన్న ఫోన్లో ఏ పేరు ఉందో ఫోన్‌నే అడగాలి.

నా దగ్గర ఒక 3310 ఉంది, బోర్డు మంచిదే. బ్యాటరీ బీఎల్‌సీ-2 మాత్రం ఉబ్బిపోయింది. అలాంటివి పొరపాటున కూడా చార్జింగ్ పెట్టకండి. మా వీధిలోనే ఇంకోటి దొరికింది. వేశాం, ఆన్ అయింది, సిమ్ పెట్టమంది. దానిలో సిమ్ లేకపోతే మెనూ తెరుచుకోదు. ఇప్పటి నానో సిమ్ దాని గూట్లో గింజలా ఆడుతుంది. యాభై రూపాయల ప్లాస్టిక్ అడాప్టర్లో పెట్టి దూర్చాను. కాల్ వెళ్లక్కర్లేదు, మెనూ వస్తే చాలు.

ఇక్కడ కూడా నేరుగా వినిపించలేదు. మనిషికి పేరు చెప్పి వినిపిస్తే అదేననే అంటాడు. అందుకని ఈ ట్యూన్ రెండు రకాలుగా సిద్ధం చేశాను, ఒకటి అసలుది, ఒకటి కావాలని తప్పుగా. పాత నోకియా ట్యూన్లు అక్షరాల్లో రాసుకోవచ్చు, ఆర్‌టీటీటీఎల్ అంటారు. అసలుది ఇలా ఉంటుంది:

```
Badinerie:d=16,o=6,b=120:8b,d7,b,8f#,b,f#,8d,f#,d,4b5
```

మొదట పేరు. తర్వాత, ఏమీ రాయకపోతే స్వరం నిడివి పదహారో వంతు, స్థాయి ఆరు, నిమిషానికి 120 తాళం దెబ్బలు. ఆ తర్వాత స్వరాలు. `8b` అంటే కాస్త పొడుగు స్వరం, అదే మన తాం. పక్కన ఉన్న `d7,b` పొట్టి జంట, మన తక. మొత్తం నాలుగు తాళం దెబ్బల నిడివి, అంటే సరిగ్గా రెండు సెకన్లు. తప్పుదాంట్లో నేను పొట్టి జంటల్ని తిరగేశాను, అంతే తేడా.

కంప్యూటర్లో బజ్జర్ గొంతుతో తప్పుది ముందు వేశాను. ఈయన కళ్లు మూసుకుని విని, "దగ్గరగా ఉంది, కానీ కుంటుతోంది" అన్నాడు. అసలుది వేశాను. ఏమీ అనలేదు. కాసేపటికి కుడి చెయ్యి మంచం పక్కన వెతుకుతున్నట్టు పక్కకి కదిలింది. నాకది చాలు. అప్పుడు 3310 చేతికిచ్చి, మెనూలో టోన్లు, రింగింగ్ టోన్‌లోకి వెళ్లి, ఒక్కొక్కటీ దిగుతూ రమ్మన్నాను. వరసలో అది వచ్చింది. అదే కీచు, అదే నడక. తెర మీద పేరు `Badinerie`.

ఆ రాత్రే నెల్లూరులో ఉన్న వాళ్లక్కకి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి వినిపించాడు. అక్క ఏమందో ఆయన మర్నాడు వచ్చి చెప్పాడు. "నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నాను కదరా, ఏదో ఊరి పేరని!" అందట. నిజమే, రెండు నెలల కిందటే చెప్పిందట. నాన్న ఆ టోన్ పెట్టుకున్నప్పుడు పక్కన కూర్చుని తెర మీద పేరు చదివింది ఆవిడే. తొమ్మిదేళ్ల పిల్ల, అక్షరాలు కూడబలుక్కుని బాదినేరి అని చదివింది. పొన్నేరి ఉంది, వేళచ్చేరి ఉంది, అలాగే ఎక్కడో ఒక బాదినేరి, బాబాయి అక్కడి నుంచే అరిటాకులు తెస్తాడనుకుంది. (నవ్వులు) "ఊరి పేరు మీద ట్యూనేంటే" అని ఈయన కొట్టిపారేశాడు. ఆ మాట నాకు మొదటి రోజే చెప్పుంటే మా వదినకి కీరవాణి గొడవే లేకపోను.

ఆ 3310 ఇదిగో, జేబులోనే ఉంది. బ్యాటరీ ఇంకా రెండు గీతలు చూపిస్తోంది. వినాలనుకున్నవాళ్లు టీ దగ్గరికి రండి.